ఒకే విజిల్, ఎవరి లెక్క వారిది

గుంటూరు, విజయవాడ పరిసర పాఠశాలల నుంచి వచ్చిన తోటి వ్యాయామ ఉపాధ్యాయులకు నమస్కారం.

నలభై మంది పిల్లలు, ఎనిమిది స్టేషన్లు, ప్రతిచోటా ఇరవై సార్లు. సర్క్యూట్ ట్రైనింగ్ పేరుతో మనలో చాలామంది చేయించేది ఇదే, నేనూ చాలా ఏళ్లు ఇదే చేయించాను. పుషప్‌ల దగ్గర కబడ్డీ ఆడే కుర్రవాడు చకచకా ఇరవై ముగించి నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడతాడు, పక్కనే బొద్దుగా ఉన్నవాడు నాలుగోదానికే నడుము జారవిడిచి, మిగిలిన పదహారూ తల ఊపుతూ లెక్క పూర్తిచేస్తాడు. మొదటివాడికి చాలినంత శ్రమ అందలేదు, రెండోవాడు చేసింది అసలు పుషప్పే కాదు.

ఈ పద్ధతిని 1950లలో ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో మోర్గాన్, ఆడమ్సన్ అనే ఇద్దరు రూపొందించినప్పుడు, ఒక్కొక్కరు ఒక్కో వ్యాయామాన్ని గరిష్ఠంగా ఎన్నిసార్లు చేయగలరో ముందు పరీక్షించి, అందులో సగాన్ని వారి మోతాదుగా నిర్ణయించి, ఆ మోతాదుతో మూడు చుట్లు చేయించేవారు. మనం స్టేషన్లను తెచ్చుకున్నాం కానీ, ఆ సగం లెక్కను దారిలోనే వదిలేశాం.

అయితే సగం లెక్క ఒక్కటే సరిపోదు. నాలుగు మాత్రమే చేయగలిగినవాడికి సగం అంటే రెండు, ముప్పై సెకన్ల స్టేషన్‌లో రెండు పుషప్‌లు చేసి కూర్చుంటే అది సాధన అనిపించుకోదు. అలాంటివాడికి మార్చవలసింది సంఖ్యను కాదు, బరువును. నేల మీద పుషప్‌లో చేతుల మీద శరీర బరువులో సుమారు 64 శాతం పడుతుంది. చేతులను 30 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు మీద ఆనిస్తే అది 55 శాతానికి, 60 సెంటీమీటర్ల గట్టు మీద ఆనిస్తే 41 శాతానికి దిగుతుంది. మోకాళ్లు నేలకు ఆనించి చేసే పుషప్‌లో అది 49 శాతం, అంటే తేలికని మనం అనుకునే ఆ పద్ధతి కంటే గట్టు మీద చేసేదే తేలిక. పైగా గట్టు మీద శరీరం తల నుంచి మడమ వరకు నిటారుగానే ఉంటుంది కనుక, రేపు నేల మీదికి దిగినప్పుడు కొత్తగా నేర్చుకోవలసిందేమీ ఉండదు. మన బడుల్లో వరండా మెట్లూ గట్లూ ఉండనే ఉన్నాయి, టేపుతో ఒకసారి కొలుచుకుంటే చాలు.

ఒక ఉదాహరణ లెక్క వేసి చూద్దాం. తొమ్మిదో తరగతి పిల్లవాడు, బరువు 70 కిలోలు, నేల మీద నాలుగే చేయగలడు. అక్కడ అతని చేతులు సుమారు 45 కిలోలు మోస్తున్నాయి, 60 సెంటీమీటర్ల గట్టు మీద 29 కిలోలే. గట్టు మీద పరీక్షిస్తే పద్నాలుగు వచ్చాయనుకుందాం, అతని మోతాదు ఏడు. ముప్పై సెకన్లలో ఏడు చేసి, మిగిలిన సమయంలో ఊపిరి తీసుకొని, విజిల్ మోగగానే అందరితోపాటే తరువాతి స్టేషన్‌కు వెళతాడు. గరిష్ఠం ఎనిమిదికి తగ్గితే ఒక మెట్టు తేలిక చేయడం, ఇరవై దాటితే ఒక మెట్టు కష్టం చేయడం నేను పెట్టుకున్న హద్దు. పరీక్షలో నడుము జారిన క్షణమే లెక్క ఆపాలి, లేకపోతే వచ్చిన గరిష్ఠమూ అబద్ధమే, దాని సగమూ అబద్ధమే.

మోతాదు సరిపోయిందో లేదో మూడో చుట్టు చెబుతుంది. 7, 7, 6 వస్తే సరైన చోట ఉన్నాడు. 7, 5, 3 వస్తే మోతాదు ఎక్కువ. 7, 7, 7 చేసి కూడా పక్కవాడితో కబుర్లు చెబుతుంటే తక్కువ. పొడి మాటలు పలకగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. 220 నుంచి వయసు తీసివేసే నాడి లెక్కను ఈ వయసు పిల్లలకు నేను వాడను, అది పెద్దల కోసం వేసిన అంచనా. ఎండ ఎక్కువగా ఉన్న రోజు అదే పనికి గుండె వేగం పెరుగుతుంది కనుక, మార్చి తరువాత మన ప్రాంతంలో ఫిబ్రవరి మోతాదును అలాగే కొనసాగించకూడదు.

షటిల్ పరుగు దగ్గర సంఖ్యకు బదులు దూరాన్ని మార్చవచ్చు. 6, 8, 10 మీటర్ల దగ్గర మూడు సున్నం గీతలు గీసి, అందరూ దాదాపు ఒకేసారి తిరిగి వచ్చేలా ఎవరి గీత వారికి ఇస్తే, వెనుకబడ్డవాడు ఎవడో చూసేవారికి తెలియదు.

ఇక్కడే నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. మొదట్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రిబ్బన్లు కట్టి తరగతిని మూడు జట్లుగా విడదీశాను. వారం తిరగకుండానే ఆకుపచ్చ అనేది ఎగతాళి పేరైంది, పిల్లలు పరువు కోసం ఎర్ర రిబ్బన్ అడిగి నడుము నొప్పి తెచ్చుకున్నారు. పైగా ఆ విభజనే తప్పు, ఎందుకంటే పుషప్‌ల దగ్గర తడబడిన ఆ 70 కిలోల పిల్లవాడే ఇసుక బస్తా ఎత్తే స్టేషన్‌లో అందరికంటే ముందుంటాడు. అందుకే ఇప్పుడు స్థాయిని పిల్లవాడికి కాక స్టేషన్‌కు పెడుతున్నాను. ప్రతి పిల్లవాడి చేతిలో ఒక అట్టముక్క, దాని మీద స్టేషన్‌కు ఒక వరుస, ఆ వరుసలో తన గట్టు ఎత్తు లేదా గీత, తన సంఖ్య, మూడు చుట్లకు మూడు ఖాళీ గళ్లు ఉంటాయి. మూడు వారాలకోసారి మళ్లీ పరీక్షించి, పాత సంఖ్యను కొట్టేసి కొత్తది రాయడం పిల్లల చేతే చేయిస్తాను.