ఇంటర్వ్యూ వాయిదా మెయిల్: డేట్ ఇవ్వాలా, వద్దా?

కిరణ్: ఆన్ అయింది అక్కా. ఫ్యాన్ ఆపేశా ఈసారి. ఈరోజు టాపిక్, ఒంట్లో బాలేకో ఇంట్లో ఎమర్జెన్సీ వచ్చో ఇంటర్వ్యూ వాయిదా అడగాల్సొస్తే మెయిల్ ఎట్లా రాయాలి, సబ్జెక్ట్ లైన్ నుంచి మొదలెడదాం.

సుజాత: సబ్జెక్ట్ తర్వాత. ముందు టు లో ఏ అడ్రస్ పడిందో చూసుకోమను.

కిరణ్: వచ్చేసింది నో-రిప్లై!

సుజాత: ఎందుకు రాదు? మొన్న ఫోన్ చేసిన కదిరి అబ్బాయి గుర్తున్నాడా? పొద్దున 11కి వీడియో రౌండ్, ముందురోజు రాత్రి ఇంటినుంచి ఫోనొచ్చింది, నాన్నకి గుండెనొప్పి, అనంతపురం తీసుకెళ్తున్నాం అని. పాపం బెంగళూరు నుంచి బస్సెక్కి అందులోనే కూర్చుని మెయిల్ రాశాడు, బాగానే రాశాడు, నేను చదివా. కానీ కన్ఫర్మేషన్ వచ్చిన మెయిల్‌కే రిప్లై కొట్టాడు. అది షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ పంపింది, మనిషి కాదు. పైగా కేలండర్‌లో వస్తున్నానని ముందే ఒప్పుకున్నది అట్లాగే ఉంది. ప్యానెల్ వాళ్ళు లింక్‌లో కూర్చుని చూసి వెళ్ళిపోయారు, నో-షో అని పడింది.

కిరణ్: కొన్నిటికి రిప్లై కొడితే రిక్రూటర్‌కే పోతుంది కదక్కా?

సుజాత: పోతుంది, కొన్నిటికి ఎక్కడికీ పోదు. రిప్లై నొక్కినాక టు లో పడే అడ్రస్ చూస్తేనే తెలిసేది. నో-రిప్లై అని ఉంటే పాత మెయిల్స్‌లో రిక్రూటర్ పేరుతో వచ్చింది వెతికి, దానికి రాయాలి. కేలండర్‌లో కూడా రావట్లేదని మార్చాలి. టైమ్ మరీ దగ్గరుంటే ముందు ఫోన్, తర్వాత మెయిల్.

కిరణ్: సరే, ఇంక మెయిల్‌లోకి వద్దాం. నేనైతే మూడు డేట్లు ఇచ్చెయ్యమంటా. బుధవారం మధ్యాహ్నం, గురువారం పొద్దున, అట్లా.

సుజాత: జ్వరమైతే ఇవ్వు. నాన్న ఐసియులో ఉంటే ఏ బుధవారం ఇస్తావు?

కిరణ్: ఏదో ఒకటి ఇవ్వాలి కదా అక్కా! డేట్ లేకుండా వాయిదా వెయ్యండి అంటే వాళ్ళు ఆ మెయిల్ పక్కన పెట్టేసి ఇంకొకర్ని పిలుచుకుంటారు.

సుజాత: అందుకే ఇస్తారు, ఇచ్చి ఇరుక్కుంటారు. నేను రిక్రూటర్ కుర్చీలో కూర్చున్నదాన్ని, వినరా. ప్యానెల్‌లో ముగ్గురుంటే ముగ్గురికీ ఖాళీ ఉన్న గంట వెతకాలి, అదే మా పని. ఒకసారి వాయిదా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, ఇంట్లో అట్లాంటిది ఎవరికైనా వస్తుంది. బుధవారం అని నువ్వే చెప్పి, మంగళవారం రాత్రి మళ్ళీ కుదరదంటే, అప్పుడు మేనేజర్ అడుగుతాడు, ఈ అబ్బాయికి నిజంగా ఇంట్రెస్ట్ ఉందా అని. మొదటిసారి నమ్మినవాళ్ళే అట్లా అడుగుతారు.

కిరణ్: మరి ఏం రాయమంటావు, ఖాళీగా వదిలెయ్యాలా?

సుజాత: ఇంటర్వ్యూ డేట్ ఇవ్వొద్దు, కబురు చెప్పే డేట్ ఇవ్వు. "శుక్రవారం సాయంత్రంలోపు ఎప్పటికి వీలవుతుందో చెప్తాను" అని. నాన్న పరిస్థితి ఎట్లున్నా శుక్రవారం ఆ రెండు లైన్లు మాత్రం పంపాలి, ఇంకా తెలీదు అనైనా సరే.

కిరణ్: ఈలోపు పోస్ట్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తే?

సుజాత: ఇవ్వొచ్చు. దానికి ఏ మెయిల్ రాసినా ఆపలేవు. అందుకే అడిగెయ్, "ఈ పోస్ట్ ఎప్పటిలోగా భర్తీ చెయ్యాలనుకుంటున్నారో చెప్తారా" అని. వాళ్ళు వచ్చే సోమవారం అంటే నీకే తెలుస్తుంది, హాస్పిటల్ బయట కూర్చుని ఫోన్‌లో అరగంట మాట్లాడగలవా లేదా అని.

కిరణ్: ...అది ఒప్పుకుంటా. జ్వరానికి మాత్రం మూడు డేట్లే.

సుజాత: జ్వరానికి ఇవ్వు, రెండుమూడు రోజులు వదిలేసి ఇవ్వు. రేపే వస్తానని గొంతు పోయి కూర్చుంటే నీకే నష్టం.

కిరణ్: సబ్జెక్ట్ గబగబా చెప్పేస్తా, రీషెడ్యూల్ రిక్వెస్ట్ అని పెట్టి పేరు, రోల్, ఇంటర్వ్యూ డేట్, టైమ్. ఫోన్‌లో పైపైన చూసేవాళ్ళకి అక్కడే అర్థమైపోవాలి. లోపల?

సుజాత: ఆ అబ్బాయిలాంటి వాళ్ళ కోసం నేను రాసిపెట్టింది చదువుతా. "మా నాన్నగారిని నిన్న రాత్రి అత్యవసరంగా హాస్పిటల్లో చేర్చారు, నేను ఊరికి వచ్చాను. ఈరోజు 11 గంటల రౌండ్‌కి రాలేను, క్షమించండి. ఎప్పటికి వీలవుతుందో శుక్రవారం సాయంత్రంలోపు చెప్తాను. ఈలోపు ఏదైనా ఉంటే ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి." ఆ భర్తీ లైన్ చివర్లో. అంతే.

కిరణ్: ఇసిజి, రిపోర్టులు అవీ పెట్టాలా? కొంతమంది నమ్మరేమో అని పెడతారు.

సుజాత: వద్దు! అడక్కుండా ఎందుకు? ఆ మెయిల్ ప్యానెల్ దాకా ఫార్వర్డ్ అవుతుంది, మీ నాన్న రిపోర్ట్ ఎవరెవరో చూస్తారు. నాకైతే అట్లాంటివి తెరవాలంటేనే మనసొప్పేది కాదు.

కిరణ్: కన్సల్టెన్సీ ద్వారా వచ్చిన ఇంటర్వ్యూ అయితే? కంపెనీ అడ్రసే మన దగ్గర ఉండదు కదా.

సుజాత: కన్సల్టెన్సీ వాళ్ళకి ఫోన్ చేసి, మెయిల్ కూడా పెట్టి, కంపెనీకి చెప్పారా అని మళ్ళీ అడగాలి. కేలండర్ ఇన్వైట్ కంపెనీ నుంచే వచ్చుంటే, అందులో పంపినవాళ్ళ అడ్రస్ ఉంటుంది చూడు, అది గనక మళ్ళీ నో-రిప్లై...

కిరణ్: అక్కా, పక్క రూమ్ వాళ్ళు తలుపు కొడుతున్నారు, మన టైమ్ అయిపోయిందంట.

సుజాత: ఒక్క నిమిషం ఆగమను, ఇది చెప్పి...