30 శాతం దగ్గర ఆగిపోయిన అప్‌డేట్: పవర్ బటన్ ఎప్పుడు నొక్కొచ్చు?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈరోజు నాతో ఉన్నది మా అన్నయ్య. చాలా ఏళ్లుగా కంప్యూటర్ సపోర్ట్ పనిలో ఉన్నాడు. పోయిన ఆదివారం రాత్రి నా ల్యాప్‌టాప్‌తో నేను పడ్డ తిప్పలే ఈరోజు టాపిక్. అన్నయ్యా, ముందు జరిగింది చెప్పేస్తాను.

అన్నయ్య: టైములతో సహా చెప్పు. అసలు విషయమంతా అందులోనే ఉంది.

హోస్ట్: రాత్రి 9:10కి రీస్టార్ట్ కొట్టాను. విండోస్ నెలనెలా ఇచ్చే అప్‌డేటే. `Working on updates` అని వచ్చింది, కింద శాతం. 9:25కి 30 అయింది. ఇక అక్కడే ఉండిపోయింది. పది దాటింది, పదిన్నర అయింది, అదే 30. పొద్దున్నే పంపాల్సిన ఫైల్ అందులోనే ఉంది. టెన్షన్ తట్టుకోలేక 10:40కి పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను.

అన్నయ్య: అంటే 30 దగ్గర గంటా పావు చూశావు. మళ్లీ ఆన్ చేస్తే?

హోస్ట్: `Undoing changes made to your computer` అని వచ్చింది. అది ఇంకో గంటన్నర. డెస్క్‌టాప్ కనపడేసరికి అర్ధరాత్రి దాటింది. అప్‌డేట్ మాత్రం ఎక్కలేదు.

అన్నయ్య: మర్నాడు నీ ల్యాప్‌టాప్‌లో నేను మొదట తెరిచింది ఒక లాగ్ ఫైల్. అప్‌డేట్ చేసే భాగం తను ఏం చేస్తోందో టైముతో సహా అందులో రాసుకుంటుంది. చివరి లైన్లు చూడాలంటే, విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఈ ఒక్క లైన్ కొడితే చాలు.

```
Get-Content C:\Windows\Logs\CBS\CBS.log -Tail 20
```

ఇప్పుడు కొడితే ఇవాళ్టి లైన్లే వస్తాయి కదా. అందుకని ఆ ఫైల్‌నే నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఆదివారం రాత్రి దాకా వెనక్కి వెళ్లాను. నువ్వు బటన్ నొక్కడానికి ముందు చివరి లైన్ టైము 10:39.

హోస్ట్: అంటే నేను ఆపేసే నిమిషం దాకా అది పని చేస్తూనే ఉందా!

అన్నయ్య: చేస్తూనే ఉంది. తెర మీద అంకె కదల్లేదు, అంతే. ఆ అంకె టైముకి లెక్క కాదమ్మా. ఎన్ని మెట్లు ఎక్కామో అది చెబుతుంది. ఒక మెట్టు పది సెకన్లలో అయిపోవచ్చు, పక్క మెట్టుకు గంట పట్టొచ్చు. 30 దాకా పావుగంట పట్టింది కాబట్టి మొత్తం యాభై నిమిషాల్లో అయిపోతుందని లెక్క వేసుకుంటాం చూడు, ఆ లెక్క ఎప్పుడూ తప్పుతుంది.

హోస్ట్: మరి 30 దగ్గరే ఎందుకు? చాలామంది ఇదే అంకె చెప్పారు నాతో.

అన్నయ్య: విండోస్ నడుస్తున్నప్పుడు వాడుకలో ఉన్న ఫైళ్లను మార్చలేం. అందుకే కొత్త ఫైళ్లన్నీ ముందే తెచ్చి `WinSxS` అనే ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. నువ్వు రీస్టార్ట్ కొట్టగానే షట్‌డౌన్‌కు ముందు కొంత పని చేస్తుంది. ఆ భాగం చాలాసార్లు 30 దగ్గర ముగుస్తుంది. తర్వాత మెషిన్ ఒకసారి ఆగి లేచాక అసలు మార్పిడి మొదలవుతుంది. పాత ఫైల్ తీసి కొత్తది పెట్టడం, విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీ మార్చడం, ఇలా వేల చిన్న చిన్న పనులు. అంకె మాత్రం 30 మీదే ఉండొచ్చు. విండోస్ వెర్షనే మారే పెద్ద అప్‌గ్రేడ్ అయితే మధ్యలో రెండు మూడు సార్లు రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు 75 దగ్గర కూడా ఇలాగే నిలబడటం మామూలే.

హోస్ట్: కానీ మా ఆఫీసు మెషిన్‌లో ఇదే అప్‌డేట్ పావుగంటలో అయిపోయింది.

అన్నయ్య: అందులో ఎస్‌ఎస్‌డీ ఉంది, నీ ల్యాప్‌టాప్‌లో తిరిగే హార్డ్ డిస్క్ ఉంది. పెద్ద సినిమా ఫైల్ కాపీ చేసేటప్పుడు ఈ తేడా అంతగా తెలియదు. డిస్క్‌లో అక్కడొకటి ఇక్కడొకటి ఉండే చిన్న ఫైళ్లను ముట్టుకోవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. హార్డ్ డిస్క్‌లో చదివే ముల్లు ప్రతిసారీ చోటు మారాలి. సెకనుకు వంద చోట్లకు వెళ్తే ఎక్కువ. ఎస్‌ఎస్‌డీలో కదిలే ముల్లే లేదు, సెకనుకు వేల చోట్ల నుంచి చదువుతుంది. అప్‌డేట్ అంటే పూర్తిగా ఈ చిన్న ఫైళ్ల పనే. అందుకే ముందు నీ మెషిన్‌లో ఏ డిస్క్ ఉందో తెలుసుకో. టాస్క్ మేనేజర్‌లో `Performance` నొక్కితే డిస్క్ పేరు కిందే `SSD` అనో `HDD` అనో ఉంటుంది.

హోస్ట్: సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. ఎంతసేపు చూడాలి?

అన్నయ్య: ఎవరి మెషిన్‌కైనా సరిపోయే ఒకే అంకె లేదు. నేను పాటించేది చెబుతాను. నెలవారీ అప్‌డేట్, ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషిన్ అయితే ఒకే అంకె మీద గంటన్నర చూస్తాను. హార్డ్ డిస్క్ అయితే మూడు గంటలు. వెర్షన్ మారే అప్‌గ్రేడ్‌ను హార్డ్ డిస్క్ మీద చేస్తుంటే, రాత్రి మొదలుపెట్టి తెల్లారేదాకా ముట్టుకోను. ఈ గంటలు మొదలు నుంచి కాదు, అంకె చివరిసారి మారినప్పటి నుంచి లెక్కపెట్టాలి. 30 నుంచి 31 అయిందంటే గడియారం మళ్లీ సున్నా నుంచే.

హోస్ట్: మూడు గంటలయ్యాక నొక్కేయడమేనా?

అన్నయ్య: అప్పుడు కూడా వెంటనే కాదు. ముందు మెషిన్ బతికి ఉందో లేదో చూడాలి. డిస్క్ లైట్ ఉంటే అది మినుకుమినుకుమంటోందా? కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ లైట్ ఉండటం లేదు. హార్డ్ డిస్క్ అయితే అరచేతులు పెట్టుకునే చోట చెవి ఆనించు, సన్నగా గరగరమంటుంది. తెర మీద గుండ్రంగా తిరిగే చుక్కలు తిరుగుతున్నాయా, బిగుసుకుపోయాయా? క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైట్ మారుతోందా? లైట్ మారితే లోపల సిస్టమ్ ఇంకా పలుకుతోందని అర్థం. మారనంత మాత్రాన చచ్చిపోయిందని మాత్రం అనుకోకు, ఆ దశలో కొన్ని మెషిన్లు కీబోర్డును పట్టించుకోవు. చుక్కలు బిగుసుకుని, డిస్క్ చప్పుడు లేక, క్యాప్స్ లాక్ కూడా పలకక, ఇవన్నీ కలిసి గంట పాటు అలాగే ఉంటేనే ఇక అది తేరుకోదని నేను నమ్ముతాను.

హోస్ట్: డిస్క్ నుంచి టక్, టక్ అని వస్తే?

అన్నయ్య: మంచి ప్రశ్న. సమానంగా, ఒకే తాళంలో టక్ టక్‌మంటే డిస్క్ పాడవుతోందని అనుమానించాలి. అప్పుడు గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు. ఆపేసి, డిస్క్ బయటికి తీయించి, ముందు ఫైళ్లు కాపాడుకోవాలి.

హోస్ట్: మామూలు డిస్కే, నిజంగానే బిగుసుకుపోయింది అనుకుందాం. ఎలా ఆపాలి?

అన్నయ్య: ముందు యూఎస్‌బీకి తగిలించినవన్నీ తీసెయ్. బయటి డిస్క్, ప్రింటర్, డాంగిల్, అన్నీ. ఒక్కోసారి వాటి డ్రైవర్ కోసమే అది ఆగి ఉంటుంది. తీసిన పది నిమిషాల్లో కదిలిన మెషిన్లు నేను చూశాను. కదలకపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకో. చేయాల్సిన పనుల జాబితా డిస్క్ మీదే ఉంటుంది కాబట్టి, తిరిగి లేచాక విండోస్ దాన్ని చూసుకుని మిగిలింది పూర్తి చేయడమో, చేసింది వెనక్కి తీయడమో చేస్తుంది. నీకు వచ్చిన `Undoing changes` అదే.

హోస్ట్: నిజం చెప్పాలంటే దాన్ని కూడా ఆపేద్దామనిపించింది.

అన్నయ్య: ఆపలేదు, అదృష్టం. మొదటిసారి ఆపితే చాలావరకు వెనక్కి వెళ్లే దారి ఉంటుంది. వెనక్కి వెళ్తుండగా మళ్లీ ఆపితే సగం ఫైళ్లు పాతవి, సగం కొత్తవి అయిపోయి మెషిన్ లేవకపోవచ్చు. ఎక్కించడానికి ఎంత పడుతుందో వెనక్కి తీయడానికీ అంత పట్టొచ్చు. ఆ తెర ముందు ఇందాక చెప్పిన గంటలకు రెట్టింపు చూడు.

హోస్ట్: ఒకవేళ లేవకపోతే?

అన్నయ్య: వరుసగా రెండు మూడు సార్లు బూట్ కాకపోతే విండోస్ తనే నీలం రంగు రిపేర్ తెర చూపిస్తుంది. అందులో `Troubleshoot`, `Advanced options`, `Uninstall Updates` అని వరుసగా వెళ్లి `Uninstall latest quality update` ఎంచుకోవాలి. ఒక్క మాట, డిస్క్‌లోని ఫైళ్లకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే అక్కడ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలామందికి తమ మెషిన్‌లో అది ఆన్‌లో ఉందనే తెలియదు. అప్‌డేట్ మొదలుపెట్టకముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకో.

హోస్ట్: డెస్క్‌టాప్ మీద ఉన్నప్పుడే, సెట్టింగ్స్‌లో `Installing - 20%` అని ఆగితే? దానికీ ఇంతేనా?

అన్నయ్య: దానికి అంత భయం అక్కర్లేదు. అప్పుడు ఫైళ్లను పక్కన సర్దుకుంటోంది, నడిచే విండోస్‌ను ఇంకా ముట్టలేదు. టాస్క్ మేనేజర్‌లో `TiWorker.exe` సీపీయూనో డిస్క్‌నో వాడుతుంటే పని జరుగుతోందన్నట్టే. ఇందాకటి పవర్‌షెల్ లైన్ రెండు నిమిషాలు ఆగి మళ్లీ కొట్టు, టైములు మారుతుంటే చాలు. గంట గడిచినా రెండింటిలోనూ కదలిక లేకపోతే స్టార్ట్ మెనూ నుంచి మామూలుగా రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించు. పవర్ బటన్ జోలికి పోవద్దు.

హోస్ట్: అసలెప్పుడూ ఆపకూడనిది ఏదైనా ఉందా?

అన్నయ్య: బయోస్ అప్‌డేట్. మెషిన్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్ అది, బోర్డు మీద ఒక చిప్‌లో ఉంటుంది. తెర మీద విండోస్ మాటలు కాకుండా ల్యాప్‌టాప్ కంపెనీ గుర్తు, దాని కింద `firmware` అనో `BIOS` అనో ఉంటే చెయ్యి వెనక్కి తీసుకో. ఆ చిప్‌లో రాత సగంలో ఆగితే, కొన్ని మోడళ్లలో తప్ప, వెనక్కి తెచ్చుకునే దారి ఉండదు, బోర్డుకే ఎసరు. ఛార్జర్ పెట్టి ఉంచమనేది ముఖ్యంగా దీనికే. బ్యాటరీ అయిపోయినా పవర్ బటన్ నొక్కినా ఒకటే.

హోస్ట్: చివరికి నా ల్యాప్‌టాప్‌కు నువ్వేం చేశావో చెప్పు.

అన్నయ్య: సోమవారం రాత్రి నీ బయటి డిస్క్ తీసేశాను, ఛార్జర్ పెట్టాను, సీ డ్రైవ్‌లో 6 జీబీయే ఖాళీ ఉంటే 25 జీబీ దాకా ఖాళీ చేసి అదే అప్‌డేట్ మళ్లీ పెట్టాను. పక్కనే కూర్చుని టైము రాసుకున్నాను. 30 మీద గంటా యాభై నిమిషాలు నిలబడింది. ఆ తర్వాత 30 నుంచి 100 దాకా పన్నెండు నిమిషాలు.

హోస్ట్: అంటే ఆదివారం ఇంకో ముప్పై అయిదు నిమిషాలు ఓపిక పట్టి ఉంటే...

అన్నయ్య: దాదాపు అంతే. పదకొండుంపావుకి అంకె కదిలేది, పదకొండున్నరకల్లా నీ ఫైల్ నీ చేతిలో ఉండేది.