డేటుకు ముందు బిగిసి, వచ్చాక జారే కడుపు

అందరికీ నమస్కారమండీ. ఇక్కడున్న చాలామందికి కడియం నర్సరీల్లో పని అలవాటే కాబట్టి, అక్కడ మొక్కలకు మట్టి కట్టే ఒక అమ్మాయి సంగతితోనే మొదలుపెడతాను. పేరు చెప్పను.

ఆ అమ్మాయికి సుమారు 30 రోజులకోసారి నెలసరి వస్తుంది. దానికి వారం ముందు నుంచీ మోషన్ సరిగా అవ్వదు. కడుపు ఉబ్బిపోతుంది, ఎప్పుడైనా అయినా మేక పెంటికల్లా గట్టిగా అవుతుంది. నాలుగైదు రోజులు ఓర్చుకుని, ఇక ఆగలేక రాత్రి సునాముఖి మాత్రలు వేసుకునేది. తెల్లారేసరికి డేటు వచ్చేది, దాంతోపాటు నాలుగైదు నీళ్ల విరేచనాలు. ఒకసారి మొక్కల మధ్యే కళ్లు తిరిగి కూలబడిపోయింది. ఇంట్లోవాళ్లు వేడి చేసిందని ముందు ఆవకాయ మాన్పించారు, తర్వాత చేపల పులుసు, ఆఖరికి పెరుగు కూడా. ఎన్ని మానినా నెలనెలా అదే తంతు.

రెండు నెలలపాటు క్యాలెండర్‌లో గుర్తులు పెట్టమన్నాను. మోషన్ బిగిసిన రోజుకు అడ్డగీత, జారిన రోజుకు చుక్క. తెచ్చి చూపిస్తే, డేటు వచ్చిన రోజును ఒకటిగా లెక్కేసుకుంటే అడ్డగీతలు రెండు నెలల్లోనూ 22, 23 రోజుల దగ్గరే మొదలయ్యాయి. చుక్కలన్నీ డేటు వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే ఉన్నాయి.

అండం విడుదలయ్యేది సాధారణంగా వచ్చే నెలసరికి రెండు వారాల ముందు. ఈ అమ్మాయి లెక్కలో అది 16వ రోజు. అప్పటి నుంచి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరుగుతూ, వారం తర్వాత బాగా ఎక్కువవుతుంది. గర్భం నిలిస్తే గర్భసంచి కదలకుండా ఉండాలి కదా, అందుకని దాని కండరాన్ని ఈ హార్మోన్ వదులు చేస్తుంది. పేగు గోడలోనూ అలాంటి కండరమే ఉంటుంది. అదీ నెమ్మదిస్తుంది. కాలవ కట్టేస్తే నీరు నిలబడినట్టు మలం పేగులో నిలబడుతుంది, పేగు దాన్లోని నీరు లాగేస్తుంది, అది గట్టిపడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు మోషన్‌కి ఇబ్బంది పడినవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు, దానికీ ఈ హార్మోనే ఒక ముఖ్య కారణం. అయితే అందరి పేగూ ఒకేలా స్పందించదు, కొందరికి తేడాయే తెలియదు.

గర్భం రాకపోతే ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. అప్పుడు గర్భసంచి లోపలి పొర ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారుచేస్తుంది. అవి గర్భసంచిని పిండి, ఆ పొరను బయటికి నెడతాయి. మనకొచ్చే నొప్పి అదే. కానీ వాటి ప్రభావం గర్భసంచితో ఆగదు. పేగునూ బిగించి తోస్తాయి, నీటిని పీల్చుకోనివ్వవు. అందుకే నొప్పి, విరేచనాలు ఒకే రోజున వస్తాయి, రెండు మూడు రోజులకు రెండూ తగ్గుతాయి.

ఇప్పుడు ఆ సునాముఖి సంగతి చూడండి. అది పనిచేయడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. రాత్రి వేసుకున్న మాత్ర తెల్లారి పేగును తోసే సమయానికి ప్రోస్టాగ్లాండిన్లూ తోస్తున్నాయి. పైగా నొప్పికి ఆమె వాడే మాత్రలో ఉన్నది మెఫెనమిక్ ఆమ్లం. అది ప్రోస్టాగ్లాండిన్లను తగ్గించే మంచి మందే, కానీ కొందరికి దానివల్లే విరేచనాలవుతాయి. ఇన్నీ ఒక్క పూటలో కలిశాయి.

మరొకటి అడిగితే గానీ చెప్పలేదు. తోటలో మరుగుదొడ్డి లేదు. అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగదు. ఎండలో చెమటపట్టే పని, పైగా నీళ్లు లేవు. ఇక మలం గట్టిపడకేం చేస్తుంది? ఇది ఆ అమ్మాయి తప్పు కాదు. ఆడవాళ్లను పనికి పెట్టుకున్నవాళ్లు మరుగుదొడ్డి కట్టించాలి, ఈ మాట నేను గట్టిగానే అంటాను.

మేం మార్చినవి కొన్నే. 18వ రోజు నుంచి రాత్రిపూట ఒక చెంచా ఇసబ్గోల్ నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగమన్నాను. నీళ్లు తక్కువైతే అదే అడ్డుపడుతుంది. డేటు మొదలవగానే ఆపేయమన్నాను. సునాముఖి మాన్పించాను. నొప్పి మాత్ర మార్చి ఐబుప్రోఫెన్ ఇచ్చాను. నొప్పి మొదలైనప్పుడే, అన్నం తిన్నాక వేసుకోమన్నాను. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నవాళ్లు దాన్ని అడగకుండా వాడకండి. విరేచనాలు ఎక్కువైతే ఓఆర్‌ఎస్ తాగాలి. బోండాం నీళ్లు మంచివే గానీ, పోయిన ఉప్పును అవి పూర్తిగా భర్తీ చేయవు. ఆవకాయ, పెరుగు మళ్లీ తినమన్నాను. మూడో నెలకు విరేచనాలు ఒకటి రెండుకు తగ్గాయి, కళ్లు తిరగడం పోయింది.

రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడేవాళ్లకు నెలంతా బిగిసినట్టుంటే ఆ మాత్రల వల్ల కావచ్చు, హార్మోన్ మీద తోసేయకండి. నెలసరితో సంబంధం లేకుండా విరేచనాలవుతున్నా, రాత్రి నిద్రలోంచి లేపుతున్నా, మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా పరీక్ష చేయించాలి. డేటు రోజుల్లో మోషన్‌కి కూర్చుంటే లోపల కోసినట్టు నొప్పి వస్తుంటే గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు ఉండొచ్చు. డాక్టరు నెలసరి గురించే అడిగినా, ఈ మోషన్ నొప్పి సంగతి మీరే చెప్పండి.