పప్పులో పప్పెక్కడ? హాస్టల్ మెస్ మీమ్స్‌పై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఈ రోజు మనతో హాస్టల్ మెస్‌ల వంటా, లెక్కలూ చూసే మేనేజర్ గారు, డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పే లెక్చరర్ గారు ఉన్నారు. ఖమ్మం నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా. టీవీ సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్ (ఖమ్మం): నమస్తే అండీ. మా బాబు వరంగల్‌లో బీటెక్ మొదటి సంవత్సరం. రోజూ స్టేటస్‌లో మెస్ తిండి మీద జోకులే. నిన్న సాంబారు గిన్నె ఫొటో పెట్టి "మునక్కాయ దొరికినవాడికి పార్టీ" అని రాశాడు. పిల్లాడు తింటున్నాడో లేదో అని నాకు బెంగ.

లెక్చరర్: అమ్మా, జోకు వేస్తున్నాడంటే మెస్‌కి వెళ్తున్నాడనే. వెళ్లనివాడికి ఆ రోజు సాంబారులో మునక్కాయ లేదని తెలియదు కదా. హాస్టల్లో చేరిన కొత్తలో ఊళ్లు వేరు, యాసలు వేరు, చదివిన బడులు వేరు. అక్కడున్న అందరికీ తెలిసిన ఒకే ఒక్క సంగతి ఆ పూట ప్లేటులో ఏముందో. అందుకే ఆ జోకుకి ముందు కథ చెప్పక్కర్లేదు. తెలుగు రాని రూమ్మేట్ కూడా ఫొటో చూసి నవ్వుతాడు.

యాంకర్: అంత చప్పటి తిండి మీద అంత నవ్వెందుకు సార్?

లెక్చరర్: చప్పగా ఉంది కాబట్టే. మెక్‌గ్రా, వారెన్ అనే పరిశోధకులు 2010లో ఒక వివరణ ఇచ్చారు. ఏదో తప్పుగా ఉండాలి, అదే సమయంలో దానివల్ల ప్రమాదం లేదనీ అనిపించాలి. రెండూ కలిస్తే నవ్వొస్తుంది. నీళ్ల పప్పు సరిగ్గా అలాంటిది. పప్పు అని పేరు పెట్టి పసుపు నీళ్లు పోస్తే తప్పే, కానీ ఎవరికీ ఏమీ కాదు. ఇక కలిసి నవ్వడం సంగతి. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం 2012లో అచ్చయిన పరిశోధనలో, కామెడీ చూసి నవ్వినవాళ్లు ఆ తర్వాత నొప్పిని ఎక్కువసేపు ఓర్చుకున్నారని తేల్చింది. నవ్వినప్పుడు ఒంట్లో నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు విడుదలవడమే కారణమని వాళ్ల అభిప్రాయం. మనుషుల్ని దగ్గర చేసేదీ అదేనంటారు.

మేనేజర్: అమ్మా, మీరు బెంగపడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. రాత్రి భోజనం మానేసి బయట నూడుల్స్‌కి డబ్బు అడుగుతున్నాడా, బరువు తగ్గాడా చూడండి. "మెస్ ఎలా ఉంది" అని అడిగితే జోకే వస్తుంది. "మధ్యాహ్నం ఏం తిన్నావు" అని అడగండి. కందిపొడి, ఆవకాయ పంపుతారు కదా, కిలో సీసా వద్దు. పావుకిలో సీసాలు నాలుగు పంపండి. హాస్టల్లో సీసా తెరిస్తే పదిమంది చేతులు పడతాయి. ఒక్క తడి స్పూను చాలు, బూజు పట్టడానికి. చిన్న సీసా అయితే పాడయ్యేలోపే ఖాళీ అవుతుంది.

యాంకర్: తరువాత హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థి.

కాలర్ (హైదరాబాద్): సార్, నేను మా హాస్టల్ మీమ్ పేజీ నడుపుతా. పోయిన వారం మెస్ అన్న ఫొటో మీద మీమ్ చేశాం. లైకులు బాగానే వచ్చాయి కానీ ఆయన రెండ్రోజులు మాతో మాట్లాడలేదు.

లెక్చరర్: అక్కడ "ఎవరికీ ఏమీ కాదు" అన్న సగం పోయింది తమ్ముడూ, తప్పు అన్న సగమే మిగిలింది. ఆయన సరుకు కొనడు, మెనూ రాయడు, ఇచ్చినదే వండుతాడు. ఆ ఫొటో తీసేసి, ఎదురుగా వెళ్లి సారీ చెప్పు. పేజీలో పోస్టు పెడితే ఆయన చూస్తాడన్న నమ్మకం లేదు. ఇకమీదట మనిషిని వదిలేసి మెనూ బోర్డుకీ ప్లేటుకీ మధ్య ఉన్న తేడాని పట్టుకో. పైన బోర్డు ఫొటో, "వెజ్ కుర్మా". కింద ప్లేటు, ఒక బంగాళాదుంప ముక్క. రాత ఆరేడు మాటలు దాటకూడదు. క్యూలో నిలబడ్డప్పుడు పోస్టు చెయ్యి, అందరి చేతిలో అదే ప్లేటు ఉన్నప్పుడే అది పేలుతుంది. రాత్రి పదింటికి పెడితే చప్పగా ఉంటుంది, మీ సాంబారులాగే.

మేనేజర్: ఒక్క మాట. అన్నంలో పురుగు, పులిసిన వాసన, నలుగురికి ఒకేసారి విరేచనాలు, వీటి మీద మీమ్ వద్దు. ఫొటోలో తేదీ, పూట కనబడేలా తీసి వార్డెన్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. కదలిక లేకపోతే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో ఫిర్యాదు చేయొచ్చు. మెస్‌లో పెట్టాల్సిన లైసెన్సు కాగితం మీద 14 అంకెల నంబరు ఉంటుంది, అది రాసుకోండి.

యాంకర్: చివరి కాల్ కాకినాడ నుంచి.

కాలర్ (కాకినాడ): మేడమ్, నేను మెస్ సెక్రటరీని. మాది డివైడింగ్ మెస్, అయిన ఖర్చంతా అందరం పంచుకుంటాం, నాలుగు వందల మంది. వారానికి మూడు మీమ్‌లు పప్పు మీదే. వంటాయన "సరుకు సరిగానే ఇస్తున్నారు" అంటాడు. ఎవర్ని నమ్మాలి?

మేనేజర్: ఎవర్నీ వద్దు, ఇష్యూ రిజిస్టర్ చూడండి. పప్పు రోజు స్టోర్ నుంచి ఎన్ని కిలోలు వచ్చాయి?

కాలర్: పది కిలోలు సార్.

మేనేజర్: పదిని నాలుగు వందలతో భాగిస్తే మనిషికి 25 గ్రాములు. మనిషికి 200 మిల్లీలీటర్ల గరిటె పోయాలంటే 80 లీటర్ల పప్పు కావాలి. కిలోకి నాలుగైదు లీటర్ల నీళ్లు పోస్తే అన్నంలో కలుస్తుంది. మీరు 80 లీటర్లు రావడానికి కిలోకి ఏడు లీటర్లు పోస్తున్నట్టు. అది చారే. మనిషికి 40 గ్రాములు, అంటే 16 కిలోలు వెయ్యండి. కిలో 150 రూపాయలనుకుంటే ఆ ఆరు కిలోలకి 900, తలకి పూటకి రెండుంబావు. డివైడింగ్ కాబట్టి ఆ రెండుంబావూ మీ బిల్లులోకే వస్తుంది. మీటింగులో ముందే చెప్పి చేతులెత్తించండి.

కాలర్: 16 కిలోలు వేసినా చప్పగా ఉంటే?

మేనేజర్: రెండు స్టీలు గ్లాసులు పెట్టుకోండి. వడ్డన మొదలవగానే ఒకదాంట్లో పప్పు తీయండి, ఆఖర్లో ఇంకోదాంట్లో. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది చిక్కగా, ఆఖరిది పలచగా ఉంటే మధ్యలో వేడినీళ్లు కలిపారు. అప్పుడు ఉప్పు, పులుపు, కారం అన్నీ ఒకేసారి పలచబడతాయి. 80 లీటర్లకి దాదాపు 700 గ్రాముల ఉప్పు పడుతుంది, 20 లీటర్ల నీళ్లు కలిపినవాడు దానికి తగ్గ ఉప్పు వేయడు. రెండు గ్లాసులూ ఒకే చిక్కదనంతో ఉండి, మొదటిదాంట్లోనే తాలింపు వాసన వస్తే, పైన పోసిన తాలింపుని అడుగుదాకా కలపలేదు. నూనె తేలుతుంది, మొదటి యాభై మంది ప్లేట్లలోకే పోతుంది. రెండింట్లోనూ వాసన లేకపోతే నూనే తక్కువ. ఇంట్లో నలుగురికి ఒక పెద్ద స్పూను అనుకుంటే నాలుగు వందల మందికి లీటరున్నర. చాలా చోట్ల అర లీటరుతో సరిపెడతారు.

కాలర్: ఉల్లిపాయ కూరలు కూడా పచ్చివాసన వస్తాయి సార్.

మేనేజర్: ఎనిమిది కిలోల ఉల్లిపాయలు ఒకేసారి గిన్నెలో పోస్తే అందులోని నీళ్లకే ఉడుకుతాయి, వేగవు. రెండు మూడు విడతలుగా వేయించమనండి, గంట ముందు పొయ్యి వెలిగించాలి. ఆ గంటకి గ్యాస్ ఖర్చు, మనిషి ఖర్చు ఉన్నాయి, అదీ లెక్కలో చూపించండి. వడ్డించే గిన్నె అరవై డిగ్రీల పైన వేడిగా ఉండాలి, కింద వేడినీళ్ల తొట్టి పెట్టండి.

లెక్చరర్: మీమ్ పేజీని మూయించొద్దు బాబూ. వారం వారం ఏ కూర మీద ఎన్ని వచ్చాయో ఒక కాగితం మీద రాసుకో. పప్పు సరైతే జోకులు దొండకాయ మీదకి వెళ్తాయి.

కాలర్: ఆల్రెడీ వెళ్లాయి సార్, గురువారం దొండకాయే.

మేనేజర్: అయితే గురువారం కూడా రెండు గ్లాసులు పెట్టండి.