కొన్న ఫొటో అయినా పోస్టర్‌లో వాడకూడదా?

అందరికీ నమస్కారం. టికెట్ పెట్టి జరిపే ఒక పరుగు పందేనికి పోస్టర్ వేస్తున్నామనుకోండి. స్టాక్ సైట్‌లో మంచి ఫొటో దొరికింది. ఒకావిడ ఫినిష్ లైన్ దాటుతోంది, ముఖం స్పష్టంగా ఉంది, టీషర్టు మీద ఏదో కంపెనీ లోగో ఉంది. ఫొటో పక్కన చిన్న అక్షరాల్లో Editorial use only అని ఉంది. డబ్బు కట్టేశాం, ఇక వాడొచ్చు కదా? వాడకూడదు.

ఎందుకంటే లోగో ఉన్న కంపెనీ సంగతి పక్కన పెట్టినా, ఆ ఫొటోలో ఇద్దరి హక్కులున్నాయి. తీసినవారి కాపీరైట్ సంగతి లైసెన్స్ చూసుకుంటుంది. ఫొటోలో ఉన్న మనిషి ప్రచారానికి ఒప్పుకుంటూ సంతకం చేసే కాగితం వేరు, దాన్ని మోడల్ రిలీజ్ అంటారు. ఎడిటోరియల్ ఫొటోలకు సాధారణంగా ఆ కాగితం ఉండదు. వార్తకో వ్యాసానికో పనికొస్తాయి గానీ, ప్రచారానికి కాదు. లోగో చెరిపేస్తే సరిపోతుందా అని అడుగుతుంటారు. ముఖం అలాగే ఉంది కదా! టికెట్ తీసేసి ప్రవేశం ఉచితం చేసినా పోస్టర్ ప్రచారమే. వెతికేటప్పుడే ఫిల్టర్‌లో ఎడిటోరియల్ ఫొటోలు రాకుండా పెట్టుకోవడం తేలిక.

సరే, క్రియేటివ్ కామన్స్ వైపు వెళ్దాం, అంటే తీసినవారే కొన్ని షరతులతో అందరికీ ఉచితంగా వాడుకోనిచ్చే లైసెన్సులు. CC BY అంటే పేరు వేసి వాడుకోవచ్చు, వ్యాపారానికైనా సరే. NC ఉంటే వ్యాపారానికి వాడొద్దని, కాబట్టి మన టికెట్ పందేనికి కుదరదు. ND ఉంటే మార్పులు చేయొద్దని, కాబట్టి ఫొటో నేపథ్యం మార్చి పోస్టర్‌లో కలపకూడదు. అయితే వీటిలో ఏదైనా ఫొటోగ్రాఫర్ ఇచ్చిన అనుమతి మాత్రమే. అందులో గుర్తుపట్టగలిగే మనిషి ఉంటే మోడల్ రిలీజ్ ప్రశ్న మళ్లీ మొదటికే వస్తుంది. అందుకే నేనైతే ముఖాలు కనిపించని, బూట్లూ రోడ్డూ మాత్రమే ఉన్న ఫొటో ఎంచుకుంటాను. బూట్ల మీద లోగో ఉందేమో కూడా చూస్తాను.

క్రెడిట్ లైన్‌లో ఫొటో పేరు, తీసినవారి పేరు, దొరికిన చోటు, లైసెన్స్, మనం చేసిన మార్పు ఉండాలి. చివర ఇలా ముగించవచ్చు: "CC BY 4.0, నేపథ్యం మార్చాం". దాన్ని పోస్టర్ అంచుకు ఆనించి పెడితే ప్రెస్‌లో కటింగ్‌కు పోతుంది. కాస్త లోపలికి జరపండి.

రాయల్టీ ఫ్రీ అంటే ఉచితమని కాదు, ఒకసారి కట్టి పదేపదే వాడుకోవచ్చని. చాలా సైట్లలో స్టాండర్డ్ లైసెన్స్‌కు ప్రింట్ కాపీల పరిమితి ఉంటుంది. మన పోస్టర్లు సాధారణంగా దాని దరిదాపుల్లోకి కూడా వెళ్లవు. కానీ అదే పోస్టర్‌ను జ్ఞాపికగా అమ్మాలనుకుంటే ఎక్స్‌టెండెడ్ లైసెన్స్ కొనాలి.

ఫొటో దించుకున్న రోజే లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు, ఫొటో నంబరు పోస్టర్ ఫోల్డర్‌లోనే దాచండి. రేపు సైట్‌లోంచి ఆ ఫొటో తీసేసినా, ఎవరైనా నోటీసు పంపితే చూపించాల్సింది అవే.