ఒక మరణం, మూడు సంస్థలు: నామినీ చేతికి వచ్చిన డబ్బు ఎవరిది?

(స్టూడియో చర్చ లిఖిత ప్రతి. పాల్గొన్నవారు: కార్యక్రమ సంచాలకురాలు, సివిల్ న్యాయవాది, విశ్రాంత బ్యాంకు మేనేజరు, భవిష్య నిధి వ్యవహారాల సలహాదారు.)

సంచాలకురాలు: నమస్కారం. ఈ రోజు చర్చను ఒక్క ఊహాత్మక కుటుంబానికే పరిమితం చేద్దాం. వీలునామా రాయకుండా ఒక ఉద్యోగి మరణించారు. ఆయనకు తల్లి, తండ్రి, భార్య, ఇద్దరు మైనరు పిల్లలు, ఒక అన్నగారు ఉన్నారు. బ్యాంకులో 12 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. పెళ్లికి ముందే తెరిచారు కాబట్టి అందులో నామినీ అన్నగారు. 20 లక్షల జీవిత బీమా పాలసీలో నామినీ తండ్రిగారు. భవిష్య నిధిలో 9 లక్షలు ఉన్నాయి. పెళ్లికి ముందే, ఉద్యోగంలో చేరిన రోజు నింపిన ఫారంలో తల్లిగారి పేరు రాశారు. ఏ ఫారంలోనూ భార్య పేరు లేదు. మేనేజరు గారూ, ముందుగా డిపాజిట్ సంగతి చెప్పండి.

బ్యాంకు మేనేజరు: అన్నగారు మరణ ధ్రువపత్రం, తన గుర్తింపు పత్రాలు, క్లెయిమ్ ఫారం తీసుకువస్తే బ్యాంకు ఆ 12 లక్షలను ఆయనకే చెల్లిస్తుంది, అలా చెల్లించడం సరైనదే కూడా. బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 45జడ్‌ఏ సెక్షన్ ప్రకారం నామినీకి చెల్లించగానే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. ఆ సమయంలో మృతుని భార్య వచ్చి, మా బావగారికి ఇవ్వవద్దని ఎంత వేడుకున్నా, రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చినా, బ్యాంకు దాన్ని పట్టించుకోనక్కరలేదు. కోర్టు ఉత్తర్వు తెస్తేనే చెల్లింపు ఆగుతుంది. కౌంటర్ దగ్గర గొడవ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. బ్యాంకు తమకు అన్యాయం చేసిందని భార్య తరఫువారు అనుకుంటారు; బ్యాంకే ఇచ్చింది కాబట్టి డబ్బు తనదేనని అన్నగారు అనుకుంటారు. ఇద్దరి అభిప్రాయమూ సరైనది కాదు.

న్యాయవాది: అదే సెక్షన్‌లో జనం చదవని ఒక భాగం ఉంది. డబ్బు అందుకున్న వ్యక్తి మీద ఇతరులకు ఉన్న హక్కుకు ఈ చెల్లింపు వల్ల ఎలాంటి భంగమూ కలగదని చట్టం అక్కడే స్పష్టంగా చెబుతుంది. 2010లో సుప్రీంకోర్టు కూడా బ్యాంకు డిపాజిట్ల విషయంలో ఇదే తేల్చింది: నామినీకి ఉన్నది డబ్బును స్వీకరించే హక్కు మాత్రమే, అది ఆయనను యజమానిని చేయదు. నామినీని గిడ్డంగి కాపలాదారు అనుకోండి. తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది, ధాన్యం మాత్రం ఆయనది కాదు.

సంచాలకురాలు: అయితే ఆ 12 లక్షలు ఎవరికి చెందుతాయి?

న్యాయవాది: మృతుడు హిందువు అయితే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. పురుషుని స్వార్జితానికి మొదటి తరగతి వారసులు భార్య, పిల్లలు, తల్లి. వీరందరికీ సమాన వాటాలు వస్తాయి. ఈ కుటుంబంలో నలుగురు ఉన్నారు కాబట్టి ఒక్కొక్కరికి 3 లక్షలు. తండ్రి రెండవ తరగతి వారసుడు కనుక, మొదటి తరగతిలో ఒక్కరున్నా ఆయనకు ఏమీ రాదు. ఇది విని నమ్మనివారిని నేను చాలామందిని చూశాను. నామినీ అయిన అన్నగారికి ఇందులో ఒక్క రూపాయి కూడా చెందదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలలో వాటాలు వేరు. వారసత్వం వారి వారి చట్టాల ప్రకారం నడుస్తుంది. నామినీ స్థానం మాత్రం డిపాజిట్ విషయంలో అందరికీ ఒకటే.

సంచాలకురాలు: ఇప్పుడు నలుగురు నామినీలను రాసుకోవచ్చని అంటున్నారు. దానితో ఈ చిక్కు తీరుతుందా?

బ్యాంకు మేనేజరు: 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను నమోదు చేయవచ్చు. అందరికీ ఒకేసారి శాతాల వారీగా ఇవ్వవచ్చు, లేదా ఒకరు లేకపోతే మరొకరికి అని వరుసక్రమం పెట్టవచ్చు. లాకర్లకు వరుసక్రమం ఒక్కటే అనుమతించారు. ఇది మంచి మార్పే. అయితే శాతం రాశారు కాబట్టి అది నా వాటా అని నామినీలు అనుకునే ప్రమాదం ఇప్పుడు ఇంకా పెరిగిందని నా అభిప్రాయం. ఆ శాతం బ్యాంకు ఎవరికి ఎంత చెల్లించాలన్నదాన్ని నిర్ణయిస్తుంది. వారసత్వ వాటాను నిర్ణయించదు. డిపాజిట్ మీద హక్కు కూడా ఫలానా వారికే దక్కాలంటే వీలునామా రాయాలి.

సంచాలకురాలు: ఇక బీమాకు వద్దాం. అక్కడ తండ్రిగారు నామినీ. వారసత్వ చట్టం ప్రకారం ఆయనకు వాటా లేదని ఇప్పుడే విన్నాం.

న్యాయవాది: అందుకే ఈ ఉదాహరణలో బీమాయే అన్నిటికంటే చిక్కైనది. 1984లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం బీమా నామినీ కూడా వారసుల తరఫున డబ్బు స్వీకరించేవాడే. ఆ తర్వాత ముప్పై ఏళ్లు న్యాయస్థానాలు దానినే అనుసరించాయి. 2015లో బీమా చట్టం 39వ సెక్షన్‌ను సవరించారు. పాలసీదారు తన తల్లిదండ్రులను, జీవిత భాగస్వామిని, పిల్లలను నామినీగా పెడితే, ఆ సొమ్ము అనుభవించే హక్కు కూడా వారికే ఉంటుందని సవరణ చెబుతోంది. సవరణ పాఠాన్ని ఉన్నదున్నట్టుగా చదివితే ఇక్కడ 20 లక్షలు తండ్రిగారివే. అన్నగారిని గానీ, స్నేహితుణ్ణి గానీ నామినీగా పెట్టి ఉంటే ఈ రక్షణ ఉండేది కాదు, పాత సూత్రమే వర్తించేది.

సంచాలకురాలు: అంటే భార్యాపిల్లలకు ఏమీ రాదా?

న్యాయవాది: ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. హైకోర్టులన్నీ ఈ సవరణను ఒకే రీతిలో చదవడం లేదు. వారసులు ముందుకు వచ్చి తమ వాటా అడిగితే నామినీ హక్కు దానికి లోబడే ఉంటుందని 2025లో కర్ణాటక హైకోర్టు అభిప్రాయపడింది. కాబట్టి భార్య దావా వేస్తే ఫలితం ఇదే అని ఏ న్యాయవాది అయినా ధీమాగా చెబితే నేను నమ్మను. ఈ అనిశ్చితి అవసరం లేదనుకునే భర్తకు ఒక పాత మార్గం ఉంది. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం ఆరవ సెక్షన్ కింద, పాలసీ తీసుకునే సమయంలోనే, అది భార్యాపిల్లల కోసమని ప్రకటిస్తే ఆ సొమ్ము వారి కోసం ట్రస్టుగా మారుతుంది. అప్పులవాళ్లు గానీ, ఇతర బంధువులు గానీ సాధారణంగా దాన్ని తాకలేరు. ఆ ప్రకటన ప్రతిపాదన పత్రంతోనే చేయాలి. తర్వాత గుర్తుకు వస్తే లాభం లేదు.

సంచాలకురాలు: మూడవది భవిష్య నిధి. సలహాదారు గారూ, తల్లిగారి పేరు ఉంది కదా, ఆమెకే ఇస్తారా?

సలహాదారు: ఇవ్వకూడదు. ఉద్యోగుల భవిష్య నిధి పథకం, 1952లోని 61వ పేరా ప్రకారం పెళ్లి తర్వాత ఉద్యోగి కొత్తగా నామినేషన్ ఇవ్వాలి; పెళ్లికి ముందు ఇచ్చింది దానంతటదే చెల్లకుండా పోతుంది. బ్యాంకులో ఈ నియమం లేదు, బీమాలోనూ లేదు. అందుకే అన్నగారి పేరు డిపాజిట్‌లో చెల్లుబాటు అవుతుండగా, తల్లిగారి పేరు భవిష్య నిధిలో చెల్లదు. పైగా కుటుంబం ఉన్న సభ్యుడు కుటుంబం బయటి వ్యక్తిని నామినీగా రాస్తే అది కూడా చెల్లదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఆ పథకం దృష్టిలో కుటుంబం కిందకు రారు.

సంచాలకురాలు: చెల్లే నామినేషన్ లేకపోతే ఎవరికి ఇస్తారు?

సలహాదారు: 70వ పేరా ప్రకారం కుటుంబ సభ్యులకు సమానంగా పంచుతారు. ఇక్కడ కుటుంబం అంటే భార్య, పిల్లలు, మృతునిపై ఆధారపడిన తల్లిదండ్రులు. ఆధారపడిన అనే మాటే వివాదానికి మూలం. తల్లిదండ్రులు ఇద్దరూ కుమారునిపై ఆధారపడినవారని తేలితే 9 లక్షలు ఐదుగురికి, తలా 1 లక్ష 80 వేలు. తండ్రిగారికి స్వంత పింఛను ఉండి, ఇద్దరూ దానిమీదే బతుకుతున్నారని తేలితే భార్యకు, ఇద్దరు పిల్లలకు తలా 3 లక్షలు. గమనించారా, హిందూ వారసత్వ చట్టంలో తల్లికి ఆధారపడటంతో సంబంధం లేకుండా వాటా ఉంది. ఇక్కడ అది నిరూపించాలి. అలాగే మేజరైన కుమారులకు, భర్త జీవించి ఉన్న వివాహిత కుమార్తెలకు, అర్హులైన ఇతర సభ్యులు ఉంటే, ఈ పేరా కింద వాటా రాదు.

సంచాలకురాలు: పింఛను సంగతి?

సలహాదారు: భవిష్య నిధిలోని సొమ్ము వేరు, 1995 పింఛను పథకం కింద వచ్చే కుటుంబ పింఛను వేరు. అది ప్రధానంగా భార్యకు, నిర్ణీత వయసు వచ్చేవరకు పిల్లలకు వెళ్తుంది. ఫారంలో తల్లి పేరు ఉందని భార్య పింఛను దరఖాస్తే చేయకుండా ఊరుకోవడం నేను చూసిన పొరపాట్లలో బాధాకరమైనది. భవిష్య నిధికి ఫారం 20, పింఛనుకు 10డి, భవిష్య నిధితో ముడిపడిన అనుబంధ బీమాకు 5ఐఎఫ్ ఇవ్వాలి.

న్యాయవాది: ప్రభుత్వోద్యోగుల సాధారణ భవిష్య నిధి అయిన జీపీఎఫ్‌లో కూడా ఇలాంటి వివాదమే సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఉద్యోగి పెళ్లయ్యాక మిగతా ప్రయోజనాలకు భార్య పేరు రాసి, జీపీఎఫ్‌లో మాత్రం తల్లి పేరు మార్చలేదు. పెళ్లితో ఆ నామినేషన్ చెల్లకుండా పోయిందని చెప్పి, 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ సొమ్మును తల్లికి, భార్యకు సమానంగా పంచమంది.

సంచాలకురాలు: మా ఉదాహరణకే తిరిగి వస్తే, భార్య ముందుగా ఏం చేయాలి?

న్యాయవాది: డిపాజిట్ ఇంకా చెల్లించకపోతే, ఆలస్యం చేయకుండా సివిల్ కోర్టులో దావా వేసి తాత్కాలిక నిషేధ ఉత్తర్వు కోరాలి, బ్యాంకు ఆగేది దానికే. తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోవడం అవసరమే గానీ, అది ఎవరు బంధువులో చెబుతుందే తప్ప ఎవరి వాటా ఎంతో తేల్చదు. బ్యాంకు వంటి సంస్థలు వారసత్వ ధ్రువపత్రం అడిగితే అది కోర్టు నుంచే రావాలి, 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద.

సంచాలకురాలు: అన్నగారు ఇప్పటికే డబ్బు తీసేసుకుని ఖర్చు పెట్టేస్తే?

న్యాయవాది: అప్పుడు బ్యాంకు మీద దావా వేసి ప్రయోజనం లేదు. ఆయన మీదే వేయాలి. భార్య తన వాటాకు, పిల్లల సహజ సంరక్షకురాలిగా వారి వాటాలకు కలిపి 9 లక్షలు, తల్లిగారు వేరే 3 లక్షలు అడగవచ్చు. మృతుని చివరి రోజుల్లో వైద్యానికి, కర్మకాండలకు నిజంగా చేసిన ఖర్చును అన్నగారు లెక్కలో చూపించుకోవచ్చు, రసీదులు ఉంటేనే. డిక్రీ వచ్చాక ఆయన పేరిట ఆస్తి ఉంటే దానిని జప్తు చేయించవచ్చు. ఆస్తి లేకపోతే ఆ డిక్రీ కాగితమే అవుతుంది. కాబట్టి మా దగ్గరికి వచ్చేవారిని మేము మొదట అడిగేది, బ్యాంకు చెల్లించిందా లేదా అని.