ఉద్యోగ దరఖాస్తులో గ్రూప్స్ చదివిన సంవత్సరాలు

శ్రోతలకు నమస్కారం. పోటీ పరీక్షల కోసం కొన్నేళ్లు చదివి, ఇప్పుడు ప్రైవేటు సంస్థలకు దరఖాస్తు చేసుకుంటున్నవారు రెజ్యూమెతో పాటు పంపే ఈమెయిల్‌లో ఆ సంవత్సరాల గురించి ఏమి రాయాలి, ఎంత రాయాలి, ఎక్కడ రాయాలి అన్నది ఈనాటి ప్రసంగ విషయం. సంస్థల తరఫున దరఖాస్తులు చదివి అభ్యర్థులను ఎంపిక చేసే పనిలో నేను చాలాకాలంగా ఉన్నాను. ఎంతో సామర్థ్యం ఉన్నవారు కూడా ఈ ఒక్క విషయం దగ్గరికి వచ్చేసరికి తమను తామే తగ్గించుకుని రాయడం చూసి బాధపడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి కనుక, నాకు తెలిసినది మీతో పంచుకోవాలనుకుంటున్నాను.

ముందుగా ఆ ఈమెయిల్ తెరిచే మనిషి ఏమి చూస్తాడో చెప్పాలి. అభ్యర్థి ఏ ఉద్యోగానికి రాశారో చూసి, ఆ పనికి కావలసిన చదువు, పరిచయం ఉన్నాయా అని చూసి, ఆ తర్వాత రెజ్యూమెలోని తేదీల మీదికి వెళతాడు. డిగ్రీ 2020లో పూర్తయి 2025 వరకు ఏమీ కనిపించకపోతే అతని మనసులో మూడు ప్రశ్నలు పుడతాయి. ఈ మధ్యకాలంలో ఈ మనిషి ఏమి చేశారు? ఈ పని ఇప్పుడు చేయగలరా? రేపు మరో నోటిఫికేషన్ వస్తే మానేసి వెళ్లిపోతారా? సర్కారు కొలువు ఎందుకు రాలేదన్న ప్రశ్న అతనికి లేదు. అయినా మనవాళ్లు రాసే ఈమెయిళ్లలో చాలావరకు ఈ మూడింటినీ వదిలేసి, ఎవరూ అడగని ఆ ప్రశ్నకే సంజాయిషీ ఇస్తాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నల్గొండ జిల్లా నుంచి వచ్చి, బీకాం కంప్యూటర్స్ చదివి, హైదరాబాదులో చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతంలో హాస్టల్‌లో ఉంటూ గ్రూప్-2కు చదివిన ఒక అమ్మాయి, ఒక పంపిణీ సంస్థలో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేయాలనుకుని, రాసుకున్న ఈమెయిల్‌ను పంపే ముందు నాకు చూపించింది. అది ఇంగ్లీషులో ఉంది. అందులోని మొదటి వాక్యం తెలుగులో ఇలా ఉంటుంది: "దురదృష్టవశాత్తు నాలుగేళ్ల పాటు ప్రభుత్వ ఉద్యోగం కోసం ప్రయత్నించి విజయం సాధించలేకపోయినందున, మీ సంస్థలో ఏదైనా అవకాశం కల్పించవలసిందిగా కోరుతున్నాను."

ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ "సాధించలేకపోయినందున" అనగానే ఆమె ఈ ఉద్యోగం కోరడానికి కారణం ఆ పరీక్షే అయిపోయింది, సంస్థ మిగిలిపోయిన దారిగా మారిపోయింది. "ఏదైనా అవకాశం" అనడంతో ఆమెకు ఏ పని వచ్చో చెప్పే చోటు కూడా పోయింది. "దురదృష్టవశాత్తు" అన్న మాట ఆ నాలుగేళ్లనూ నష్టం ఖాతాలో వేసింది. చదివే మనిషికి ఆమె గురించి ఇంకేమీ తెలియకముందే, ఆ లెక్కను ఆమే అతని చేతికి ఇచ్చింది.

నేను ఆమెను మొదట అడిగినది నాలుగేళ్లు ఎందుకు పట్టిందని. చిక్కడపల్లి రీడింగ్ రూముల్లో కూర్చున్నవారికి ఇది చెప్పనవసరం లేని సంగతి, కానీ బెంగళూరులోనో పుణెలోనో కూర్చుని దరఖాస్తు చదివేవారికి ఏమాత్రం తెలియదు. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 783 గ్రూప్-2 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. 2023 ఆగస్టులో జరగవలసిన పరీక్ష నవంబరుకు, అక్కడి నుంచి 2024 జనవరికి, తర్వాత ఆగస్టుకు వాయిదా పడుతూ వచ్చి, చివరకు 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. అంటే ఆ నాలుగేళ్లలో రెండేళ్లు ఒకే నోటిఫికేషన్ కింద గడిచాయి. గ్రూప్-1 రాసినవారికి ఇంతకంటే కష్టమైన అనుభవం ఉంది. 2022 అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ జరిగిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది, 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది.

ఇదంతా ఈమెయిల్‌లో రాయాలా? అక్కర్లేదు. వాయిదాల చరిత్ర చెబితే అది ఫిర్యాదులా వినిపిస్తుంది, ఆ ఫిర్యాదు ఎంత న్యాయమైనదైనా ఉద్యోగం ఇచ్చే సంస్థ దానికి చేయగలిగినది ఏమీ లేదు. నోటిఫికేషన్ వచ్చిన నెల, పరీక్ష జరిగిన నెల పక్కపక్కనే రాస్తే చాలు. 2022 డిసెంబరు, 2024 డిసెంబరు అన్న రెండు తేదీలు కనిపించగానే, అంతకాలం పట్టడానికి కారణం అభ్యర్థి కాదని చదివేవారికి తెలిసిపోతుంది.

తర్వాత ఆ నాలుగేళ్లలో చదువు కాకుండా ఇంకేమి చేశావమ్మా అని అడిగాను. "ఏమీ చేయలేదు సార్, మామయ్య షాపు లెక్కలు చూసేదాన్ని, అంతే," అంది. మేనమామకు ఊళ్లో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. నెల నెలా కొనుగోలు బిల్లులు ఆయన ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే, ఈ అమ్మాయి హాస్టల్‌లో కూర్చుని వాటిని టాలీలో ఎక్కించేది. ఎరువుల మీద జీఎస్టీ 5 శాతం, పురుగుమందుల మీద 18 శాతం. రెండూ ఒకే బిల్లులో ఉన్నప్పుడు వేరు చేసి రాయాలి. నెల 14వ తేదీన జీఎస్టీ పోర్టల్‌లో, సరఫరాదారులు చూపించిన బిల్లుల జాబితా అయిన 2బీ స్టేట్‌మెంట్ రాగానే, మామయ్య దగ్గరున్న బిల్లులతో ఒక్కొక్కటీ సరిచూసేది. సరఫరాదారు తన అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్టీఆర్-1లో ఏదైనా బిల్లు చూపించకపోతే అది 2బీలో కనిపించదు, దాని మీద కట్టిన పన్నుకు ఆ నెల క్రెడిట్ రాదు. అప్పుడు ఆ డీలరుకు ఫోన్ చేసి అడగాలి, 20వ తేదీలోగా ఆ నెల పన్ను లెక్క చూపే 3బీ రిటర్న్ సిద్ధం కావాలి. ఆమె దరఖాస్తు చేస్తున్న ఉద్యోగ ప్రకటనలో కోరిన పని సరిగ్గా ఇదే! అది రెజ్యూమెలో లేదు, ఈమెయిల్‌లోనూ లేదు. జీతం తీసుకోలేదు కనుక అది పని కాదని ఆమె అనుకుంది.

ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. సబ్జెక్ట్ లైన్‌లో ఉద్యోగం పేరు, ఆమె పేరు, బీకాం, టాలీ, జీఎస్టీ అన్న మాటలు మాత్రమే పెట్టాం. లోపలి విషయం తెలుగులో చెబుతాను.

"అయ్యా, మీరు ప్రకటించిన అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. బీకాం కంప్యూటర్స్ 2020లో పూర్తి చేశాను. 2022 నుంచి మా బంధువుల ఎరువుల దుకాణానికి కొనుగోళ్ల నమోదు, 2బీతో బిల్లుల సరిపోలిక, నెలవారీ జీఎస్టీ రిటర్నుల తయారీ చూస్తున్నాను. ఇది కుటుంబ వ్యాపారం, జీతం లేని పని. 2021 నుంచి 2024 వరకు తెలంగాణ గ్రూప్-2 పరీక్షకు పూర్తికాలం చదివాను. 2022 డిసెంబరులో వచ్చిన నోటిఫికేషన్‌కు 2024 డిసెంబరులో నాలుగు పేపర్లూ రాశాను. ఆ పరీక్షతో ప్రిపరేషన్ ముగించి, 2025 జనవరి నుంచి ఎక్సెల్‌లో పివట్ టేబుల్స్, లుకప్ ఫార్ములాలు నేర్చుకున్నాను. దుకాణం లెక్కల్లో పేర్లు తీసేసి తయారుచేసిన ఒక సరిపోలిక షీట్‌ను నమూనాగా జతచేస్తున్నాను. పదిహేను రోజుల్లో చేరగలను."

ఇందులో పరీక్షకు దక్కినవి రెండున్నర వాక్యాలు, అవి కూడా పని గురించి చెప్పిన తర్వాతే వచ్చాయి. ఈ వరుస చాలా ముఖ్యమని నా అభిప్రాయం. పరీక్ష సంగతి మొదట చెబితే ఆ తర్వాత చెప్పినదంతా దానికి సమర్థనలా వినిపిస్తుంది, అసలే చెప్పకపోతే తేదీల్లో ఖాళీ చూసి చదివేవారు తమకు తోచినది ఊహించుకుంటారు. "చదివాను", "రాశాను", "ముగించి" అన్న క్రియలన్నీ ఆమె చేసిన పనులే చెబుతున్నాయి. "ముగించి" అన్న మాట ఉన్నందువల్ల మూడో ప్రశ్నకు కూడా జవాబు దొరికింది. ఈ ప్రిపరేషన్ తనకు క్రమశిక్షణ, ఓర్పు నేర్పిందని రాస్తానని ఆమె పట్టుబట్టింది, నేను వద్దన్నాను. ఆ మాటలు ప్రతి దరఖాస్తులోనూ ఉంటాయి, పైగా అవి రాసినప్పుడే ఏదో పోగొట్టుకున్నదానికి ఊరట వెతుక్కుంటున్నట్లు ధ్వనిస్తుంది. నెల నెలా 20వ తేదీ తప్పకుండా రిటర్ను సిద్ధం చేసిన మనిషికి క్రమశిక్షణ ఉందని వేరే చెప్పాలా?

దుకాణం లెక్కల వంటి పని ఏదీ లేనివారు ఏమి చేయాలన్న సందేహం మీలో కొందరికి వచ్చి ఉంటుంది. వారు పరీక్షలో ఏ దశ దాకా వెళ్లారో రాయవచ్చు. ప్రిలిమ్స్ దాటి మెయిన్స్ రాసి ఉంటే, హాల్ టికెట్, మార్కుల మెమో చూపించగలిగినప్పుడు, ఆ మాట రాయడంలో సంకోచం అక్కర్లేదు. సిలబస్‌లో ఆ ఉద్యోగానికి పనికొచ్చే భాగం ఉంటే ఆ ఒక్కటే చెప్పాలి. డేటా విశ్లేషణ పనికైతే డేటా ఇంటర్‌ప్రిటేషన్, బ్యాంకింగ్ సంస్థకైతే ఆర్థిక వ్యవస్థ పేపరు. మిగతాది, ఎంత కష్టపడి చదివినా, ఇక్కడ వదిలేయాలి. దానికి తోడు ఈ మధ్య నెలల్లో పూర్తి చేసిన పని ఒకటి, చిన్నదైనా సరే, జతచేసి చూపించగలగాలి. అది లేకపోతే పరీక్ష గురించి ఎంత చక్కగా రాసినా రెండో ప్రశ్నకు జవాబు లేనట్లే.

ఖాళీని కప్పిపుచ్చడానికి ఏదో సంస్థలో పనిచేసినట్లు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తెచ్చుకుందామన్న సలహా కూడా మీ చెవిన పడవచ్చు. దయచేసి అటు వెళ్లకండి. ఉద్యోగం ఇచ్చాక చాలా సంస్థలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి. పీఎఫ్ యూఏఎన్ సర్వీస్ హిస్టరీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారం 16 అడుగుతాయి. అవి లేని అనుభవం అక్కడే బయటపడుతుంది, చేరిన ఉద్యోగం కూడా పోతుంది. గ్రూప్స్ చదివిన నాలుగేళ్ల కారణంగా ఎవరినీ ఉద్యోగం నుంచి తొలగించరు.

చివరగా, రాసిన పరీక్ష ఫలితం ఇంకా రానివారి సంగతి. ప్రిపరేషన్ ముగించానని వారు రాయవచ్చు, అది నిజమైతే. ఫలితం రావలసి ఉందన్న మాట ఈమెయిల్‌లో పెట్టనవసరం లేదు, కానీ ఫోన్‌లోనో ఇంటర్వ్యూలోనో అడిగినప్పుడు దాచకూడదు. "ఫలానా పరీక్ష రాశాను, ఫలితం రావాలి, ఎంపికైతే మీ నోటీసు పీరియడ్ పూర్తి చేసి, పని అప్పగించి వెళతాను, కొత్త నోటిఫికేషన్లకు దరఖాస్తు చేయడం లేదు," అని తడబడకుండా చెప్పాలి. కొన్ని సంస్థలు అంతమాత్రానికే వద్దనుకుంటాయి, అది వారి ఇష్టం. మా దగ్గర మాత్రం ఇలా చెప్పినవారిని తీసుకున్నాం. నేను చెప్పిన అమ్మాయి విషయంలో ఆ ఇబ్బంది రాలేదు. ఇంటర్వ్యూలో ఆమెను పరీక్ష గురించి ఒక్క ప్రశ్న అడిగారట, మిగతా సమయమంతా జతచేసిన షీట్ తెరిచి, 2బీలో కనిపించని బిల్లుల దగ్గర ఎర్రరంగు ఎందుకు వేశావని అడిగారట.

నమస్కారం.